ఈమెయిల్ సాఫ్ట్‌వేర్ బిల్లు పెరుగుతోందా? లిస్టు శుభ్రం చేసి తగ్గించుకునే పద్ధతి, వరసగా

హన్మకొండలో, కరీంనగర్‌లో ఆన్‌లైన్ అమ్మకాలు చేసే చిన్న వ్యాపారులు నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్న ఇది: "మెయిళ్లు ఇదివరకు ఎన్ని పంపామో ఇప్పుడూ అన్నే పంపుతున్నాం, బిల్లు మాత్రం ఎందుకు పెరుగుతోంది?" ఒక్కొక్కరికీ ఫోన్‌లో చెప్పేకంటే మొత్తం ఒకచోట రాస్తే మేలనిపించింది. చదువుతూ పక్కన మీరు మెయిళ్లు పంపే టూల్ తెరిచి పెట్టుకుని, ఒక్కో మెట్టూ చేసుకుంటూ రండి.

ఉదాహరణకు మా మేనల్లుడి లెక్కే తీసుకుంటాను. వాడు వరంగల్ కొత్తవాడలో నేయించిన జంపఖానాలు వెబ్‌సైట్‌లో అమ్ముతాడు. మూడేళ్లలో వాడు మెయిళ్లు పంపే లిస్టు 11,840 పేర్లకు చేరింది, బిల్లు నెలకు 13,400 రూపాయలు అయింది. "మామా, నెలకు రెండు మెయిళ్లు పంపడానికి ఇంత కట్టాలా?" అని అడిగాడు. ఇద్దరం రెండు ఆదివారాలు, మధ్యలో ఓ వారం సాయంత్రాలు కూర్చుని చేసిన పనే కింద రాస్తున్నది.

## 1. బిల్లు ఎవరి మీద పడుతోందో ముందు తెలుసుకోండి

చాలా ఈమెయిల్ టూళ్లలో ధర మీరు పంపే మెయిళ్ల మీద కాదు, లిస్టులో ఉన్న కాంటాక్టుల మీద ఉంటుంది, అదీ శ్లాబుల్లో. అయిదు వేల దాకా ఒక ధర, పది వేల దాకా ఒక ధర, ఆ పైన ఇంకో ధర. పదివేల ఒకటో కాంటాక్టు చేరగానే తర్వాతి శ్లాబులోకి వెళ్లిపోతారు, లేదా అదనపు చార్జీ పడుతుంది. అందుకే బిల్లు మెల్లగా కాకుండా ఒక్కో నెల ఒక్కసారిగా ఎగురుతుంది.

అయితే "కాంటాక్టు" అంటే ఎవరన్నది టూల్‌ని బట్టి మారుతుంది, డబ్బంతా ఇక్కడే ఉంది. మెయిల్‌చింప్ 2019లో లెక్క మార్చాక, దాని ప్లాన్లలో అన్‌సబ్‌స్క్రైబ్ అయినవాళ్లు కూడా లెక్కలోకి వస్తున్నారు. అంటే "నాకు మెయిల్ పంపొద్దు" అని చెప్పి వెళ్లిపోయిన మనిషికి కూడా మీరు కడుతున్నారు. ఆర్కైవ్ చేసినవాళ్లు, అంటే డిలీట్ చేయకుండా లిస్టు నుంచి పక్కకు తీసి దాచినవాళ్లు, మెయిల్ చేరక టూల్ తనంతట పక్కన పెట్టినవాళ్లు మాత్రం లెక్కలోకి రారు. అదే మెయిల్ అడ్రస్ రెండు ఆడియెన్స్‌లలో, అంటే రెండు లిస్టుల్లో, ఉంటే రెండుసార్లు లెక్క. క్లావియోలో మెయిల్ పంపడానికి వీలున్న ప్రొఫైళ్లనే లెక్కిస్తారు, సప్రెస్ చేసినవాళ్లు, అంటే మెయిళ్లు వెళ్లకుండా ఆపినవాళ్లు, రారు. బ్రెవో లాంటివి ప్రధానంగా పంపిన మెయిళ్ల మీద ధర వేస్తాయి, అక్కడ లిస్టు పెద్దదైనంత మాత్రాన బిల్లు ఇంతలా పెరగదు.

మీ టూల్ బిల్లింగ్ పేజీ తెరిచి ఈ నాలుగూ కాగితం మీద రాసుకోండి:

- ఇప్పుడు ఏ శ్లాబులో ఉన్నాం, దాని కింది శ్లాబు ఎంత దగ్గర మొదలవుతుంది
- అన్‌సబ్‌స్క్రైబ్ అయినవాళ్లు లెక్కలో ఉన్నారా, లేరా
- ఒకే అడ్రస్ రెండు లిస్టుల్లో ఉంటే ఒకసారి లెక్కా, రెండుసార్లా
- బిల్లు తేదీ ఎప్పుడు, ప్లాన్ నెలవారీదా, ఏడాదిదా

మా వాడి టూల్‌లో అన్‌సబ్‌స్క్రైబ్ అయినవాళ్లూ లెక్కే, రెండు లిస్టుల్లో ఉంటే రెండు లెక్కలే. శ్లాబు పది వేల నుంచి పదిహేను వేలు. అయిదు వేలలోపు వస్తే బిల్లు 6,900. ఎన్ని పేర్లు తగ్గాలన్నది ఇక్కడే తేలింది.

## 2. చేయి పెట్టేముందు బ్యాకప్

మొత్తం లిస్టు ఎక్స్‌పోర్ట్ చేయండి. ఒక్క మెయిల్ అడ్రస్‌ల కాలమ్ చాలదు. ఎప్పుడు చేరారు, ఎక్కడి నుంచి చేరారు, ట్యాగులు, ప్రస్తుత స్థితి, చివరి క్లిక్ తేదీ, ఇవన్నీ ఉండాలి. వెబ్‌సైట్ నుంచి ఆర్డర్ల లిస్టు విడిగా దించుకోండి, అందులో మెయిల్ అడ్రస్, చివరి ఆర్డర్ తేదీ ఉంటే చాలు.

దించిన ఫైల్‌ని నేరుగా ఎక్సెల్‌లో డబుల్ క్లిక్ చేసి తెరవొద్దు. తెలుగులో రాసిన పేర్లు పిచ్చి గుర్తులుగా మారిపోతాయి, ఫోన్ నంబర్లు `9.19E+11` లాగా అయిపోతాయి, పొరపాటున సేవ్ కొట్టారంటే ఇక అసలు నంబర్ తిరిగి రాదు. గూగుల్ షీట్స్‌లో ఇంపోర్ట్ చేసి పని చేయండి, అసలు ఫైల్‌ని ముట్టుకోకుండా తేదీ వేసి పక్కన పెట్టండి.

అన్‌సబ్‌స్క్రైబ్ అయినవాళ్లను వడగట్టి విడిగా ఒక ఫైల్ చేయండి. దాని పేరు `unsubscribed_master.csv` అని పెట్టాం మేము. టూల్ మారినా, లిస్టు మళ్లీ ఎక్కించినా, ముందు ఈ ఫైల్‌తో పోల్చి చూశాకే ఎవరికైనా మెయిల్ వెళ్లాలి. ఈ ఒక్క ఫైల్ లేకపోవడం వల్ల, వద్దన్న మనిషికి మళ్లీ మెయిల్ వెళ్లి, వాళ్లు స్పామ్ అని నొక్కడం నేను చాలాసార్లు చూశాను.

## 3. ముందు సులువైనవి: అనుమానం లేకుండా తీసేయదగ్గవి

ఆలోచించాల్సిన అవసరం లేని పేర్లు ముందు తీసేయాలి. ఆ తర్వాతే ఎవరు చదువుతున్నారు, ఎవరు చదవడం లేదు అన్న లెక్క. వరస తిప్పితే, డూప్లికేట్లు కలిసి ఉన్న లిస్టులో ఒకే మనిషి ఒకచోట చదివినట్టు, ఇంకోచోట చదవనట్టు కనిపిస్తాడు.

అన్‌సబ్‌స్క్రైబ్ అయినవాళ్లు. మాస్టర్ ఫైల్ చేసుకున్నాం కాబట్టి వీళ్లను ఆర్కైవ్ చేయండి. మా వాడి లిస్టులో 1,310 మంది. పదిహేను నిమిషాల పని. మిగిలింది 10,530.

డూప్లికేట్లు. వాడికి రెండు లిస్టులు ఉన్నాయి. వెబ్‌సైట్‌ది ఒకటి, హైదరాబాద్ నుమాయిష్‌లో స్టాల్ పెట్టినప్పుడు లక్కీ డ్రా కోసం సేకరించింది ఒకటి. రెండింటినీ షీట్‌లో ఒకే కాలమ్‌లో పెట్టి, ముందు అడ్రస్‌లను ఒకే తీరుకు తెచ్చాం, లేకపోతే పెద్దక్షరాలు, చివరన పడ్డ ఖాళీలు మోసం చేస్తాయి.

```
B2:  =LOWER(TRIM(A2))
C2:  =COUNTIF(B$2:B2, B2)
D2:  =MID(B2, FIND("@", B2)+1, 100)
```

C కాలమ్‌లో 2 వచ్చినవన్నీ డూప్లికేట్లు. 940 తేలాయి. రెండు లిస్టులు ఉంచుకోవాల్సిన అవసరమే లేదు, ఒకే లిస్టులో పెట్టి "నుమాయిష్", "వెబ్‌సైట్" అని ట్యాగులు వేస్తే అదే పని జరుగుతుంది. ఒక్క జాగ్రత్త: కలిపేముందు రెండు లిస్టుల్లోనూ మిగిలినవాళ్లను మాస్టర్ ఫైల్‌తో పోల్చండి. ఒక లిస్టులో అన్‌సబ్‌స్క్రైబ్ అయి, ఇంకో లిస్టులో ఉండిపోయినవాళ్లు కొందరు ఉంటారు. మన దృష్టిలో అవి రెండు లిస్టులు, ఆ మనిషి దృష్టిలో ఒకటే దుకాణం. వద్దన్నారంటే వద్దన్నట్టే. ఇక్కడికి 9,590.

తప్పుగా రాసిన అడ్రస్‌లు. D కాలమ్‌లో డొమైన్ విడిగా వచ్చింది కదా, దాన్ని అక్షరక్రమంలో సార్ట్ చేయండి. `gmail.com` వేలల్లో ఉంటుంది, దాని కిందా పైనా చూడండి: `gmai.com`, `gmial.com`, `gmail.con`, `yaho.com`. స్టాల్‌లో జనం మధ్య నిలబడి ఫోన్‌లో కొట్టినవి ఇలాగే ఉంటాయి. మా వాడి ఫైల్‌లో ఒకచోట అడ్రస్ ఉండాల్సిన చోట ఫోన్ నంబర్, దాని వెనక `@gmail.com` ఉంది. అది నిజమైన అడ్రస్సో, అడిగినందుకు ఏదో ఒకటి రాసిందో ఎవరూ చెప్పలేరు.

170 తప్పు అడ్రస్‌లు దొరికాయి. అందులో ఇదివరకు ఆర్డర్ చేసినవాళ్లు 60 మంది. వాళ్ల అసలు అడ్రస్ ఆర్డర్ల లిస్టులో ఉంది కాబట్టి దాన్ని చూసి సరిచేశాం. మిగతా 110 తీసేశాం. మీరు ఊహించి `gmial`ని `gmail` చేసి పంపకండి, అది వేరే మనిషి అడ్రస్ అయ్యే అవకాశం ఉంది. మిగిలింది 9,480.

హార్డ్ బౌన్స్‌లు, అంటే మెయిల్ ఇక ఎప్పటికీ చేరక తిరిగొచ్చే అడ్రస్‌లు, చాలా టూళ్లు వాటంతట అవే పక్కన పెడతాయి, ఒకసారి చూసుకోండి చాలు. రిపోర్ట్‌లో `550 5.1.1` అని ఉంటే ఆ అడ్రస్సే లేదని అర్థం, మళ్లీ ప్రయత్నించొద్దు. `452 4.2.2` అంటే మెయిల్ బాక్స్ నిండిపోయింది. అలాంటిది ఒకసారి వస్తే ఆగొచ్చు, వరసగా నాలుగైదు మెయిళ్లకు అదే వస్తే ఆ బాక్స్‌ను ఎవరూ చూడటం లేదని అనుకోవచ్చు.

## 4. అసలు కష్టం: చదవనివాళ్లను ఎలా గుర్తించాలి

ఇక్కడే ఎక్కువమంది తప్పు చేస్తారు, అందుకే కాస్త నిదానంగా చెప్తాను.

మామూలుగా అందరూ చేసేది "గత ఆరు నెలల్లో ఓపెన్ చేయనివాళ్లు" అని ఫిల్టర్ పెట్టి తీసేయడం. ఓపెన్ అన్న లెక్క ఇప్పుడు నమ్మదగ్గది కాదు. టూల్ మీ మెయిల్‌లో కంటికి కనపడని చిన్న బొమ్మ ఒకటి పెడుతుంది, ఆ బొమ్మ లోడ్ అయితే ఓపెన్ అయినట్టు రాసుకుంటుంది. 2021 సెప్టెంబరులో ఐఓఎస్ 15తో ఆపిల్ తెచ్చిన మెయిల్ ప్రైవసీ ఏర్పాటులో ఆ బొమ్మల్ని ఆపిల్ సర్వర్లే ముందుగా దించేస్తాయి. కాబట్టి ఆపిల్ మెయిల్ వాడే మనిషి మీ మెయిల్‌ను తాకకపోయినా ఓపెన్ చేసినట్టు కనిపిస్తారు. ఇంకోపక్క, బొమ్మలు రాకుండా ఆపుకున్న మనిషి ప్రతి అక్షరం చదివినా చదవనట్టే కనిపిస్తారు.

క్లిక్ దీనికంటే మేలు. దాంట్లోనూ ఒక మోసం ఉంది. కంపెనీల మెయిల్ అడ్రస్‌లకు పంపితే వాళ్ల సెక్యూరిటీ సాఫ్ట్‌వేర్ లింకులన్నీ ముందే తెరిచి చూస్తుంది. మెయిల్ చేరిన కొన్ని సెకన్లలోనే ఉన్న లింకులన్నీ, కిందున్న అన్‌సబ్‌స్క్రైబ్ లింకుతో సహా, క్లిక్ అయితే అది మనిషి పని కాదు.

అన్నిటికంటే గట్టి సాక్ష్యం ఆర్డర్. మెయిల్ క్లిక్ చేయకుండా నేరుగా వెబ్‌సైట్‌కి వచ్చి కొనేవాళ్లు ఉంటారు. మా వాడి దగ్గర గుంటూరు నుంచి ఒకావిడ ఉన్నారు, టూల్ లెక్కలో ఏడాదిగా ఒక్క మెయిల్ కూడా తెరవలేదు. ఆర్డర్ల లిస్టు చూస్తే ఆ ఏడాదిలోనే మూడు జంపఖానాలు కొన్నారు, మూడూ మేము మెయిల్ పంపిన మర్నాడో మూడోనాడో. ఓపెన్ ఫిల్టర్‌ని నమ్మి ఉంటే ఆవిడ పేరు పోయేది.

కాబట్టి "నిశ్శబ్దంగా ఉన్నవాళ్లు" అనే సెగ్మెంట్‌కి ఈ నాలుగు షరతులూ ఒకేసారి వర్తించాలి:

- లిస్టులో చేరి కనీసం ఆరు నెలలు అయింది
- ఆ తర్వాత కనీసం పది మెయిళ్లు వాళ్లకు వెళ్లాయి
- గత 12 నెలల్లో ఒక్క క్లిక్ లేదు
- గత 24 నెలల్లో ఒక్క ఆర్డర్ లేదు

ఈ నెలలు మీ సరుకుని బట్టి మార్చుకోండి. జంపఖానా ఒకసారి కొంటే రెండేళ్లు మళ్లీ అవసరం రాకపోవచ్చు, అందుకే ఆర్డర్‌కి 24 నెలలు పెట్టాం. హన్మకొండలో కోచింగ్ సెంటర్ నడిపేవాళ్లకైతే, పరీక్ష అయిపోయిన విద్యార్థి మళ్లీ రాడు, వాళ్లకు ఆ పరీక్ష సీజన్ దాటితే చాలు. పచ్చళ్లు, పొడులు అమ్మేవాళ్లకు 12 నెలలు సరిపోతుంది.

మా లెక్కలో ఏడాదిగా క్లిక్ లేనివాళ్లు 5,160 మంది. వాళ్ల పక్కన ఆర్డర్ల లిస్టు పెట్టి పోల్చితే 380 మంది కొనేవాళ్లే అని తేలింది, వాళ్లను పక్కన భద్రంగా పెట్టాం. మిగిలింది 4,780. ఈ పోల్చే పనికి ఇంకో షీట్‌లో ఆర్డర్లు పెట్టి ఇది వాడాం:

```
=IF(COUNTIF(Orders!A:A, B2)>0, "keep", "quiet")
```

ఆ షీట్‌లో రెండేళ్లలోపు ఆర్డర్లే ఉండాలి, అడ్రస్‌ల ముందూ వెనకా ఖాళీలు ఉండకూడదు.

## 5. తీసేముందు ఒక చివరి మెయిల్, అందరికీ కాదు

నిశ్శబ్దంగా ఉన్నవాళ్లకు "ఇంకా మెయిళ్లు కావాలా?" అని అడగడం న్యాయమే. కానీ 4,780 మందికి ఒకేరోజు కొడితే దెబ్బ తింటారు.

ఎందుకంటే చాలాకాలంగా పలకని అడ్రస్‌లలో మూతపడ్డవి ఉంటాయి. రెండేళ్లు వాడని ఖాతాలను గూగుల్ 2023 డిసెంబరు నుంచి తీసేయడం మొదలుపెట్టింది, అలాంటివాటికి పంపితే బౌన్స్ అవుతాయి. కొన్ని పాత అడ్రస్‌లను మెయిల్ సంస్థలు స్పామ్ పంపేవాళ్లను పట్టుకునే వలగా కూడా వాడతాయి. ఇక బతికున్న అడ్రస్‌ల వాళ్లు మిమ్మల్ని మర్చిపోయి ఉంటారు, స్పామ్ అని నొక్కేస్తారు. పెద్ద సంఖ్యలో మెయిళ్లు పంపేవాళ్లకు 2024 ఫిబ్రవరి నుంచి జీమెయిల్ పెట్టిన నిబంధనల ప్రకారం స్పామ్ ఫిర్యాదులు 0.3 శాతానికి చేరకూడదు, 0.1 లోపు ఉంచుకోమని గూగుల్ సలహా. అది దాటితే మీ మంచి కస్టమర్లకు వెళ్లే మెయిళ్లు కూడా స్పామ్‌లో పడతాయి. బిల్లు తగ్గించబోయి అమ్మకాలు పోగొట్టుకున్నట్టవుతుంది.

అందుకని మేము ఇలా చేశాం. రెండేళ్లుగా ఏ కదలికా లేని 1,900 మందికి మెయిల్ పంపకుండానే నేరుగా ఆర్కైవ్. మిగిలిన 2,880 మందిని 480 చొప్పున ఆరు భాగాలు చేసి, రోజుకో భాగానికి పంపాం. కొత్తగా చేరినవాళ్లు ఉన్న భాగం ముందు, పాతవాళ్లు చివర. రోజూ సాయంత్రం బౌన్స్‌లు, ఫిర్యాదులు చూశాక మర్నాటి భాగం. బౌన్స్ రెండు శాతం దాటితే ఆపేయాలని ముందే అనుకున్నాం. అయిదో భాగంలో 480కి 9 బౌన్స్‌లు వచ్చాయి, అంటే దాదాపు గీత దగ్గరికి వచ్చింది, ఆరోది ఆ సాయంత్రం అంతా ఆలోచించి పంపాం.

మెయిల్ చిన్నగా, బొమ్మలు లేకుండా ఉండాలి. మేము రాసింది ఇదీ:

> విషయం: మా మెయిళ్లు ఇంకా పంపమంటారా?
>
> నమస్తే అండి. కొత్తవాడ జంపఖానాల గురించి మేము పంపే మెయిళ్లు మీరు చూసి చాలా రోజులైంది. ఇంకా కావాలంటే కింద ఉన్న "పంపండి" నొక్కండి. నొక్కకపోతే పది రోజుల తర్వాత పంపడం ఆపేస్తాం. మళ్లీ కావాలనుకుంటే వెబ్‌సైట్‌లో ఎప్పుడైనా చేరొచ్చు.

డిస్కౌంట్ పెడదామని మా వాడు అన్నాడు. నేను వద్దన్నాను. డిస్కౌంట్ కోసం నొక్కినవాళ్లు ఆ ఒక్కసారికే వస్తారు, ఏడాది తర్వాత మళ్లీ ఇదే లిస్టులో దొరుకుతారు. పది రోజుల తర్వాత చూస్తే నొక్కినవాళ్లు 310 మంది.

## 6. ఆర్కైవ్ చేయండి, డిలీట్ చేయకండి

రెండూ బిల్లును తగ్గిస్తాయి, తేడా తర్వాత తెలుస్తుంది. ఆర్కైవ్ చేస్తే పేరు, చేరిన తేదీ, ట్యాగులు అన్నీ లోపల ఉంటాయి, మనిషి తిరిగొస్తే పాత చరిత్రతో సహా వస్తారు. శాశ్వతంగా డిలీట్ చేస్తే అదంతా పోతుంది. వాళ్ల వివరాలు పూర్తిగా తీసేయమని కస్టమర్ స్వయంగా అడిగితే మాత్రం డిలీట్ చేయాల్సిందే. మీ టూల్‌లో ఆర్కైవ్ లేకపోతే, బిల్లులో లెక్కకు రాని స్థితి ఏదో బిల్లింగ్ సహాయ పేజీలో చూసి అందులోకి మార్చండి.

4,780లో 310 పోగా 4,470 ఆర్కైవ్ చేశాం. మిగిలింది 5,010.

శ్లాబు అయిదు వేలు. పదిమంది ఎక్కువ! మా వాడు అప్పటికప్పుడు ఎవరో పదిమందిని తీసేద్దామన్నాడు. కొనే కస్టమర్‌ని శ్లాబు కోసం తీసేయడం నాకు ఇష్టం లేదు, "ఆగరా, ఇంకో చోటు చూడలేదు" అన్నాను. డొమైన్ల కాలమ్ మళ్లీ కిందిదాకా చదివితే, పరీక్ష కోసం పెట్టుకున్న సొంత అడ్రస్‌లు, మానేసిన పనివాళ్లవి, నూలు సరఫరా చేసేవాళ్లవి, కొరియర్ వాళ్లవి కలిపి 64 దొరికాయి. వీళ్లెవరూ కస్టమర్లు కారు. తీసేస్తే 4,946.

## 7. ప్లాన్ మీరే తగ్గించుకోవాలి

లిస్టు పెరిగితే చాలా టూళ్లు ప్లాన్‌ను వాటంతట అవే పెంచుతాయి. తగ్గితే మాత్రం వాటంతట అవి తగ్గించవు, బిల్లింగ్ పేజీలోకి వెళ్లి కింది శ్లాబు మీరే ఎంచుకోవాలి. శుభ్రం చేసి మూడు నెలలు పాత బిల్లే కట్టినవాళ్లు నాకు తెలుసు.

- బిల్లు తేదీకి కనీసం మూడు రోజుల ముందు ఆర్కైవ్ పని ముగించండి
- బిల్లింగ్ పేజీలో కొత్త సంఖ్య కనిపించిందో లేదో చూడండి, కొన్నిచోట్ల కొన్ని గంటలు పడుతుంది
- ప్లాన్ మార్చాక స్క్రీన్‌షాట్ తీసి పెట్టండి
- తర్వాతి బిల్లు వచ్చాక కొత్త ధరే పడిందా అని పోల్చండి

కొన్ని టూళ్లు నెలలో మీ లిస్టు చేరిన అత్యధిక సంఖ్యను బట్టి వసూలు చేస్తాయి, అలాంటప్పుడు తగ్గిన బిల్లు ఆ పై నెల నుంచి కనిపిస్తుంది. ఏడాదికి ముందే కట్టి ఉంటే రెన్యువల్ దాకా ఆగాల్సి రావచ్చు. అలాంటివాళ్లు శుభ్రం చేసే పనిని రెన్యువల్‌కి నెల ముందు పెట్టుకోండి.

మా వాడికి నెలకు 13,400 నుంచి 6,900కి వచ్చింది, ఏడాదికి 78,000 రూపాయలు మిగులు.

## 8. ఎక్కడ బెడిసికొడుతుంది, ఎలా సరిచేయాలి

తగ్గిన సంఖ్య మర్నాటికి మళ్లీ పెరిగింది. ఇది సింక్ పని. వెబ్‌సైట్‌కి, మెయిల్ టూల్‌కి మధ్య కనెక్షన్ ఉంటే, మీరు తీసినవాళ్లను అది మళ్లీ లోపలికి తోస్తుంది. మెయిళ్లు కావాలని చెప్పకుండా ఆర్డర్ మాత్రమే చేసినవాళ్లను, కార్ట్‌లో వేసి వదిలేసినవాళ్లను కూడా పంపుతుంది, వాళ్లకు మీరు మెయిల్ పంపకపోయినా మెయిల్‌చింప్ లాంటిచోట్ల లెక్కకు వస్తారు. కనెక్షన్ సెట్టింగుల్లో "మెయిళ్లకు ఒప్పుకున్నవాళ్లను మాత్రమే పంపు" అన్న ఎంపిక ఉంటే అది పెట్టండి. శుభ్రం చేసే రోజుల్లో సింక్ ఆపేసి, అయ్యాక తెరవండి, తెరిచిన మర్నాడు సంఖ్య చూడండి.

ఆర్డర్ మెయిల్ రాలేదని కస్టమర్ ఫోన్ చేశారు. ఆర్డర్ రసీదులు, డెలివరీ సమాచారం అదే టూల్ నుంచి వెళ్తుంటే, ఆర్కైవ్ అయినవాళ్లకు అవి కూడా ఆగిపోవచ్చు. ముందే మీ సొంత అడ్రస్ ఒకటి ఆర్కైవ్ చేసి, ఒక ఆర్డర్ పెట్టి చూడండి.

తీసేయకూడనివాళ్లను తీసేశాం. ఆర్కైవ్ చేసి ఉంటే తిరిగి తెచ్చుకోవచ్చు. ఎవరిని ఎప్పుడు తీశారో తెలియడానికి, ఆర్కైవ్ చేసేముందు ప్రతి గుంపుకీ తేదీతో ఒక ట్యాగ్ వేయండి. మేము `quiet_2y`, `no_reply`, `dup` అని వేసి, పక్కన నెల రాశాం.

చెకింగ్ సర్వీస్‌కి లిస్టంతా ఇచ్చేశాం. అడ్రస్ బతికి ఉందో లేదో చూసిపెట్టే సర్వీసులు ఉన్నాయి, అడ్రస్‌కి ఇంత అని తీసుకుంటాయి. అవి అడ్రస్ ఉందా అని మాత్రమే చెప్పగలవు, ఆ మనిషి మీ మెయిల్ చదువుతాడా అని చెప్పలేవు. పైగా కస్టమర్ల వివరాలు ఇంకొకరి చేతికి ఇస్తున్నట్టే. స్టాల్‌లో కాగితం మీద రాయించుకున్న లిస్టు ఎక్కించేముందు వాడితే పనికొస్తుంది, ఏటా మొత్తం లిస్టుకు వాడటం దండగ ఖర్చు.

## 9. మళ్లీ పెరగకుండా

4,946 అంటే గీతకు 54 మాత్రమే తక్కువ. మా వాడి దగ్గర నెలకు నూటయాభై మంది దాకా కొత్తగా చేరతారు, అంటే ఏమీ చేయకపోతే రెండు వారాల్లో మళ్లీ పై శ్లాబే. అందుకే ఫారం దగ్గర రెండు మార్పులు చేశాం.

ఒకటి, డబుల్ ఆప్ట్-ఇన్. ఫారం నింపాక ఒక మెయిల్ వెళ్తుంది, అందులో లింకు నొక్కితేనే లిస్టులో చేరతారు. తప్పు అడ్రస్‌లు దీంతోనే ఆగిపోతాయి. చేరేవాళ్ల సంఖ్య తగ్గుతుంది, మా వాడికి నెలకు తొంభైకి వచ్చింది, కాసేపు బాధపడ్డాడు కూడా. లింకు నొక్కనివాళ్లు మీ టూల్‌లో బిల్లు లెక్కలోకి వస్తారో రారో ఒకసారి చూసుకోండి.

రెండు, లక్కీ డ్రా పేర్లను నేరుగా లిస్టులోకి ఎక్కించడం మానేశాం. స్టాల్‌లో ఇప్పుడు క్యూఆర్ కోడ్ ఉంది, అది వెబ్‌సైట్ ఫారంకే వెళ్తుంది. డ్రా కోసం ఫోన్ నంబర్ చాలు, మెయిళ్లు కావాలనుకున్నవాళ్లు విడిగా టిక్ పెడతారు.

ఇక నెలకోసారి, బిల్లు తేదీకి మూడు రోజుల ముందు ఇరవై నిమిషాలు:

- ఆ నెల అన్‌సబ్‌స్క్రైబ్ అయినవాళ్లను మాస్టర్ ఫైల్‌లో కలిపి ఆర్కైవ్
- నాలుగు షరతుల సెగ్మెంట్ తెరిచి, కొత్తగా అందులో పడినవాళ్లకు చివరి మెయిల్
- పోయిన నెల చివరి మెయిల్‌కి పలకనివాళ్లు ఆర్కైవ్
- డొమైన్ల కాలమ్ ఒకసారి కిందిదాకా
- బిల్లింగ్ పేజీలో సంఖ్య చూసి కాగితం మీద తేదీతో రాయడం

బతుకమ్మ, దసరా సీజన్‌లో అమ్మకాలు బాగా ఉన్నప్పుడు ఆ నెల చేరేవాళ్లు ఎక్కువ, అప్పుడు గీత దాటినా పర్వాలేదు. వాళ్లు కొంటున్నవాళ్లు, ఆ పై శ్లాబు డబ్బు రెండు మూడు జంపఖానాల లాభంలో వచ్చేస్తుంది. పోయిన దసరాకు 5,200 దాటింది, ఆ రెండు నెలలు పై ధరే కట్టాం, సంక్రాంతి లోపు నిశ్శబ్దంగా ఉన్నవాళ్లు తగ్గి మళ్లీ 4,900 దగ్గరికి వచ్చింది. ఇప్పుడు వాడి దుకాణంలో గల్లాపెట్టె పైన గోడకి ఒక కాగితం అంటించి ఉంది, నెలనెలా తేదీ, పక్కన సంఖ్య.